కుండీలో నిమ్మ: ఆకుల పసుపు, కాపు లేకపోవడం – తరచుగా అడిగే ప్రశ్నలు

మిద్దె తోటల్లో నిమ్మ మొక్క గురించి వచ్చే సందేహాలు చాలావరకు ఒకేలా ఉంటాయి: ఆకులు పసుపెక్కాయి, పూత రాలిపోతోంది, ఎన్ని ఎరువులు వేసినా ఫలితం లేదు. అందుకే ఆ జవాబులను ఒకచోట చేర్చాం. ఇవి మన పుల్ల నిమ్మకు, అంటే బాలాజీ, పెట్లూరు సెలక్షన్ లాంటి రకాలకు, బోరు నీళ్లు పోసే ఇళ్లకు సరిపోయేలా రాసినవి. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదట గుర్తుపట్టడం

ఆకులు పసుపెక్కాయి. ఇది ఇనుము లోపమా, నత్రజని లోపమా?

పసుపు కొమ్మ చివర మొదలైందా, అడుగున మొదలైందా అన్నది చూడండి. నత్రజని తక్కువైతే మొక్క ముదురు ఆకుల్లోంచి దాన్ని లాగి కొత్త చిగుళ్లకు పంపిస్తుంది. కాబట్టి కొమ్మ అడుగు ఆకులు ముందు పాలిపోతాయి. ఈనెలతో సహా ఆకంతా ఒకే లేత పసుపులోకి వచ్చి, చివరికి రాలిపోతుంది. ఇనుము అలా కదలదు. ఒకసారి ఒక ఆకులో చేరితే అక్కడే ఉండిపోతుంది. అందుకే ఇనుము అందకపోతే ముదురు ఆకులు పచ్చగానే ఉంటాయి, కొత్తగా వచ్చినవి మాత్రం పసుపుగా వస్తాయి. వాటి మీద సన్నని ఈనెలు కూడా ఆకుపచ్చ గీతల్లా స్పష్టంగా కనిపిస్తాయి. బాగా ముదిరితే చిగురు తెల్లగా పాలిపోయి, అంచులు మాడతాయి.

లేత ఆకుల్లోనే పసుపు ఉంది కానీ ఆకులు చిన్నగా, సన్నగా కూడా వస్తున్నాయి. ఇదీ ఇనుమేనా?

చాలావరకు అది జింకు లోపం. ఇనుము లోపంలో ఆకు సైజు పెద్దగా తగ్గదు, రంగే పోతుంది. జింకు లోపంలో ఆకులు చిన్నవై, సన్నబడి, నిటారుగా నిలుస్తాయి. ఈనెల మధ్య పసుపు మచ్చలు మచ్చలుగా ఉంటుంది, కణుపులు దగ్గర దగ్గరగా వస్తాయి. బోరు నీళ్లు పోసే కుండీల్లో ఈ రెండూ కలిసే రావడం మామూలు, ఎందుకంటే రెంటికీ కారణం మట్టిలో సున్నం పెరగడమే. అప్పుడు ఒక్క ఇనుమే ఇస్తే సగమే కోలుకుంటుంది. సిట్రస్‌కు వాడే సూక్ష్మపోషకాల మిశ్రమం పిచికారీ చేయడం మంచిది.

అందరూ ఎప్సమ్ సాల్ట్ వేయమంటున్నారు. వేయాలా?

అది మెగ్నీషియం లోపానికి మందు. ఆ లోపం ముదురు ఆకుల్లో కనిపిస్తుంది. ఆకు చివర, అంచులు పసుపెక్కి, తొడిమ దగ్గర మాత్రం తిరగేసిన వి ఆకారంలో పచ్చదనం మిగులుతుంది. ఆ గుర్తు ఉంటే లీటరు నీటికి 5 గ్రాములు కలిపి రెండుసార్లు పిచికారీ చేయండి. ఆ గుర్తు లేకుండా చిగుళ్లే పసుపుగా ఉంటే ఎప్సమ్ సాల్ట్ ఎంత పోసినా మార్పు రాదు, మట్టిలో లవణాలు మాత్రం పెరుగుతాయి.

చూసి తేల్చుకోలేకపోతున్నాను. ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఏదైనా ఉందా?

ఉంది. పసుపు చిగురు ఉన్న ఒక్క రెమ్మను ఎంచుకుని దారం కట్టండి. లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు, తర్వాత 5 గ్రాముల అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, కరిగించండి. సాయంత్రం ఆ రెమ్మను ఆ నీటిలో అర నిమిషం ముంచి తీయండి. మిగతా మొక్కను ముట్టుకోవద్దు. ఏడు నుంచి పది రోజుల్లో ఆ రెమ్మ ఆకుల మీద పచ్చటి చుక్కలు, మరకలు తేలితే లోపం ఇనుముదే. ద్రావణం తగిలిన చోటే పచ్చబడుతుంది కాబట్టి ఆకు మచ్చలుగా కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. రెమ్మలో ఏ మార్పూ లేకపోతే జింకు, మాంగనీసు, వేరు కుళ్లు వైపు చూడాలి.

## నీరు, మట్టి

మాది ఎర్రమట్టే. ఎరుపు ఇనుము వల్లే కదా, మరి లోపం ఎలా వస్తుంది?

మట్టిలో ఇనుముకు కొదవ లేదు, అది కరగకపోవడమే చిక్కు. మట్టి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉన్నప్పుడు నిమ్మ వేరు ఇనుమును తేలిగ్గా తీసుకుంటుంది. పీహెచ్ 7.5 దాటితే అదే ఇనుము తుప్పు రూపంలో గట్టిపడిపోతుంది. కుండీలో మేకులు పాతడం, ఇనుప రజను వేయడం పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే: ఇంకొంచెం తుప్పు చేరుతుంది, అంతే.

మట్టిలో సున్నం చేరిందో లేదో తెలుసుకోవడానికి, కుండీ పై పొర నుంచి చెంచాడు ఎండిన మట్టి తీసి దాని మీద వెనిగర్ చుక్కలు వేయండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టే. పొంగనంత మాత్రాన పీహెచ్ తక్కువని కాదు, పీహెచ్ పేపరుతో కూడా చూసుకోవాలి.

కొన్నప్పుడు బాగానే ఉంది. ఏడాది తర్వాత చిగుళ్లు పసుపెక్కాయి. ఏం మారింది?

రోజూ పోసే నీళ్లు మట్టిని మార్చేశాయి. బోరు నీటిలో బైకార్బనేట్ ఉంటుంది. నీరు ఆవిరయ్యాక అది సున్నంగా మట్టిలో మిగిలిపోతుంది. కుండీ అంచున, గ్రో బ్యాగు బయట కనిపించే తెల్లటి పొర అదే.

లెక్క వేసి చూద్దాం. మీ నీటి పరీక్ష నివేదికలో ‘టోటల్ ఆల్కలినిటీ’ లీటరుకు 250 మిల్లీగ్రాములు అని ఉందనుకోండి. రోజుకు 2 లీటర్లు పోస్తే రోజుకు అర గ్రాము, నెలకు 15 గ్రాములు, ఏడాదికి సుమారు 180 గ్రాముల సున్నపురాయి పొడి మీరే కుండీలో కలిపినంత పని. కొంత అడుగు రంధ్రాల్లోంచి పోతుంది కానీ చాలావరకు ఉండిపోతుంది. పొలంలో చెట్టు వేరు దూరంగా పాకి తప్పించుకుంటుంది, 18 అంగుళాల సంచిలో ఆ అవకాశం లేదు.

ఆర్‌వో యంత్రం వదిలేసే నీళ్లు మొక్కలకు పోయొచ్చా? ఏసీ నీళ్లు?

ఆర్‌వో వ్యర్థపు నీళ్లు నిమ్మకు వద్దు. శుద్ధి చేసిన నీటిలోంచి తీసేసిన లవణాలన్నీ అందులోనే చేరతాయి, బోరు నీటికన్నా అది మరీ చిక్కన. బాత్రూములు కడగడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీటిలో దాదాపు లవణాలు ఉండవు కాబట్టి నిక్షేపంగా పోయొచ్చు. ఇంకా మంచి వాడకం ఏమిటంటే, పిచికారీ ద్రావణాలు దానితో కలుపుకోవడం. వర్షపు నీళ్లు దొరికినన్ని రోజులూ నిమ్మకు మొదటి వాటా ఇవ్వండి.

బోరు నీళ్లు తప్ప వేరే దారి లేదు. ఆ నీటినే మార్చుకోవచ్చా?

నిమ్మ ఉప్పుతో మార్చుకోవచ్చు. ఆల్కలినిటీ 250 ఉన్న నీటికి 10 లీటర్ల బకెట్‌కు సుమారు 3 గ్రాములు, అంటే ముప్పావు టీచెంచా సరిపోతుంది. 125 ఉంటే అందులో సగం. కలిపాక పీహెచ్ పేపరు ముంచి 6 దగ్గర ఉందేమో చూడండి, 5.5 కన్నా తగ్గితే పొడి ఎక్కువైనట్టు.

దీనికి ఒక పరిమితి ఉంది. మట్టిలోని సూక్ష్మజీవులు నిమ్మ ఉప్పును తినేశాక బైకార్బనేట్ మళ్లీ పుడుతుంది. కాబట్టి ఇది చిగుళ్లు పాలిపోయిన ఒకటి రెండు నెలలు ఆదుకునే ఉపాయం మాత్రమే, ఏడాది పొడవునా దీన్నే నమ్ముకోలేం. నిలకడగా పనిచేసేవి గంధకం, అమ్మోనియం సల్ఫేట్. నీళ్లలో కలిసే 80 శాతం గంధకం పొడి 10 గ్రాములు మూడు నెలలకొకసారి పై మట్టిలో కలిపి తడపండి. అది ఆమ్లంగా మారడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

గుడ్డు పెంకుల పొడి, కట్టెల బూడిద వేస్తున్నాం. మంచిదేగా?

నిమ్మ కుండీలో వేయవద్దు. రెండూ మట్టిని సున్నం వైపు నెడతాయి. గట్టి బోరు నీళ్లలో కాల్షియం ఇప్పటికే కావలసినంత ఉంది. టమాటా, మిరప కుండీల్లో అవి చెల్లుతాయేమో గానీ, చిగుళ్లు పసుపెక్కిన నిమ్మకు అవి ఎదురు మందు.

## ఇనుము ఇవ్వడం

అన్నభేది ఎలా కలపాలి? కలపగానే నీళ్లు గోధుమరంగులోకి మారుతున్నాయి.

గోధుమరంగు వచ్చిందంటే ఇనుము అప్పుడే తుప్పుపట్టిందని అర్థం. ఆ ద్రావణం పారబోయండి. సరిగ్గా కలిపినది లేత ఆకుపచ్చగా, తేటగా ఉండాలి. ప్లాస్టిక్ బకెట్‌లో లీటరు ఏసీ నీళ్లు లేదా వర్షపు నీళ్లు తీసుకుని ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు కరిగించండి, ఆ తర్వాతే 5 గ్రాముల అన్నభేది వేయండి. కొన్న అన్నభేది కూడా పచ్చటి పలుకులుగా ఉండాలి. పైన పసుపు పొడి కట్టి ఉంటే అది పాతది.

తడి బాగా అంటడానికి సబ్బు కాకుండా నాలుగు చుక్కల కుంకుడు రసం కలపండి, ఎందుకంటే సబ్బుకు క్షార గుణం ఉంది. కలిపిన గంటలోపు, సాయంత్రం పూట, ఆకు రెండు వైపులా తడిచేలా కొట్టండి. పది రోజుల తేడాతో మూడుసార్లు చాలు. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, కింద గోనెపట్టా పరచండి.

ప్రతిసారీ పిచికారీ చేస్తే పచ్చబడుతుంది, మళ్లీ వచ్చే చిగురు పసుపే. ఎందుకు?

ఆకు మీద కొట్టిన ఇనుము ఆ ఆకుకే పనికొస్తుంది, తర్వాత వచ్చే చిగురుకు చేరదు. కొత్త చిగురుకు ఇనుము వేరు నుంచే రావాలి. అందుకు మట్టిలో పోసే చీలేటెడ్ ఇనుము, అంటే గట్టిపడకుండా పట్టి ఉంచే పదార్థంతో కలిపిన ఇనుము కావాలి. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఏ రకమో చదవండి. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటిన మట్టిలో నిలవదు, ఇనుమును వదిలేసి కాల్షియంను పట్టుకుంటుంది. సున్నం మట్టిలో పనిచేసేది ఈడీడీహెచ్ఏ రకం. ముదురు ఎరుపు, గోధుమ కలిసిన గుళికలుగా ఉంటుంది, నీళ్లలో వేస్తే రక్తంలా ఎర్రగా కరుగుతుంది. ధర ఎక్కువే. కానీ చవక రకం మూడుసార్లు వృథా చేయడం కన్నా ఇది ఒకసారి పోయడం నయం.

60 లీటర్ల మట్టి పట్టే సంచికి 3 గ్రాములు రెండు లీటర్ల నీటిలో కలిపి, ముందే తడిపిన మట్టి మీద సాయంత్రం పోయండి. ఎండ తగిలితే ఇది విరిగిపోతుంది కాబట్టి పైన ఎండుటాకులు కప్పండి. రెండు మూడు వారాల్లో కొత్త చిగురు పచ్చగా రావాలి. అవసరమైతే రెండు నెలల తర్వాత మరోసారి.

వానాకాలంలోనే ఎక్కువ పసుపెక్కుతోంది. అప్పుడు బోరు నీళ్లు పోయడం లేదు కదా?

అప్పుడు వేరుకు గాలి ఆడడం లేదు. నీటిలో నానిన వేరు ఇనుము మట్టిలో ఉన్నా తీసుకోలేదు, అందుకే ఆకు మీద అచ్చం ఇనుము లోపమే కనిపిస్తుంది. కుండీ కింద ట్రే ఉంటే తీసేయండి. సంచిని రెండు ఇటుకల మీదికి ఎత్తి, అడుగు రంధ్రాల్లో పుల్లతో పొడిచి చూడండి. మట్టి వాసన పుల్లగా, మురుగులా ఉంటే, సన్నవేర్ల పై తొడుగు గోధుమరంగులో జారిపోతుంటే అది వేరు కుళ్లు. అలాంటప్పుడు ఎరువు ఏదీ వేయవద్దు. ఇసుక, చిన్న కంకర కలిపిన కొత్త మట్టిలోకి మార్చి, కుళ్లిన వేర్లు కత్తిరించి, ఆ మేరకు కొమ్మలూ తగ్గించాలి.

## నత్రజని ఇవ్వడం

నెలనెలా వర్మికంపోస్ట్ వేస్తున్నా అడుగు ఆకులు పాలిపోయి రాలుతున్నాయి. ఇంకేం కావాలి?

వర్మికంపోస్ట్‌లో నత్రజని వందకు ఒకటిన్నర పాళ్లే, అదీ నెమ్మదిగా విడుదలవుతుంది. కాపు కాసే నిమ్మకు నెలకు ఒక గుప్పెడు చాలదు. వేరుశనగ చెక్కలో ఏడు పాళ్లు, వేపపిండిలో సుమారు ఐదు పాళ్లు ఉంటుంది. 100 గ్రాముల వేరుశనగ చెక్క రెండు లీటర్ల నీటిలో నాలుగు రోజులు నానబెట్టి, వడగట్టి, పది రెట్లు నీళ్లు కలిపి, ఒక్కో కుండీకి రెండు లీటర్లు, పదిహేను రోజులకొకసారి పోయండి. చెక్కను పొడిగా వేస్తే చీమలు, ఎలుకలు చేరతాయి.

మట్టి మిశ్రమంలో రంపపు పొట్టు, మాగని పేడ, ఊక ఎక్కువగా ఉంటే అవి కుళ్లడానికి సూక్ష్మజీవులు ఉన్న నత్రజనిని లాగేసుకుంటాయి. అప్పుడు మొదటి రెండు నెలలు లోపం కనిపించడం సహజం.

యూరియా వేయొచ్చా? ఆకుల మీద కొట్టమంటున్నారు.

మట్టిలో వేయొచ్చు. పెద్ద సంచికి 5 గ్రాములు, అంటే ఒక టీచెంచా, రెండు లీటర్ల నీటిలో కరిగించి పదిహేను రోజులకొకసారి తడి మట్టి మీద పోయండి. ఆకుల మీద మాత్రం జాగ్రత్త. ఎరువుల కొట్లో దొరికే యూరియాలో బైయూరెట్ అనే మలినం ఉంటుంది, నిమ్మ జాతికి అది బాగా పడదు. దాని వల్ల ఆకు చివరి భాగం పసుపెక్కి అలాగే ఉండిపోతుంది, ఆ పసుపు చూసి మళ్లీ యూరియా కొడతారు. పొడి మట్టి మీద పలుకులు చల్లితే వేర్లు కాలతాయి.

ఇనుము లోపం, నత్రజని లోపం రెండూ ఉంటే ఏ ఎరువు?

అమ్మోనియం సల్ఫేట్. ఇందులో నత్రజని 21 పాళ్లు, పైగా ఇది మట్టిని ఆమ్లం వైపు తీసుకెళుతుంది. 100 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ సుమారు 110 గ్రాముల సున్నపురాయిని కొట్టేయగలదు.

హైదరాబాద్ శివార్లలో మూడేళ్ల బాలాజీ అంటు మొక్క, 18 అంగుళాల సంచి, ఆల్కలినిటీ 250 ఉన్న బోరు నీళ్లు రోజుకు 2 లీటర్లు అనుకుందాం. నీటితో నెలకు 15 గ్రాముల సున్నం చేరుతుంది. పదిహేను రోజులకొకసారి 7 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్ పోస్తే నెలకు 14 గ్రాములు, అంటే దాదాపు ఆ సున్నమంతటికీ సరిపోతుంది. దానితోనే నెలకు 3 గ్రాముల నత్రజని అందుతుంది. మిగిలిన నత్రజనికి రెండు నెలలకొకసారి కిలో వర్మికంపోస్ట్ వేయవచ్చు. వేసవిలో నాలుగు లీటర్లు పోస్తే సున్నం రెట్టింపవుతుంది, కానీ ఎరువును రెట్టింపు చేయకండి. ఒక విడతకు 10 గ్రాములు దాటితే లవణాల దెబ్బకు ఆకు అంచులు మాడతాయి, మిగతాది గంధకంతో సర్దుకోవాలి. లెక్క ఎంత తేటగా ఉన్నా నెలకొకసారి పీహెచ్ పేపరుతో సరిచూసుకోండి. 6.5 కిందికి వస్తే అమ్మోనియం సల్ఫేట్ ఆపి యూరియాకు మారండి.

ఒక హెచ్చరిక: అమ్మోనియం సల్ఫేట్‌ను సున్నం, బూడిదతో కలిపితే నత్రజని అమ్మోనియా వాయువుగా ఎగిరిపోతుంది, ఆ ఘాటు ముక్కుకు తెలుస్తుంది.

## పూత, కాపు

ఆకులు ముదురాకుపచ్చగా, మొక్క ఏపుగా ఉంది. ఒక్క పువ్వు లేదు. ఎందుకు?

మూడు కారణాల్లో ఒకటి కావచ్చు. మొదటిది వయసు. విత్తనం మొక్క కాపుకు నాలుగైదేళ్లు తీసుకుంటుంది, అంటు మొక్కకు రెండు మూడేళ్లు చాలు. రెండోది ఎండ. రోజుకు ఆరు గంటలు నేరుగా పడకపోతే ఆకులే వస్తాయి. మూడోది నత్రజని అతిగా అందడం. పొడవైన, లేత, ముళ్లున్న కొమ్మలు నిటారుగా దూసుకొస్తుంటే నత్రజని రెండు నెలలు ఆపండి.

అంటు కట్టిన మొక్కయితే కట్టు కిందనుంచి వచ్చే పిలకలను కూడా చూడండి. అవి జంబేరి వేరుమూలానివి, బలమంతా లాగేస్తాయి. కనిపించగానే మొదలంటా తీసేయాలి.

పూత రావడానికి నీళ్లు మానేయాలంటారు. కుండీలో ఎన్ని రోజులు?

పొలంలో వారాలు పట్టే ఎద్దడి కుండీలో ఐదు నుంచి ఏడు రోజులకే వస్తుంది. డిసెంబరు చివర లేదా జనవరి మొదట్లో మొదలుపెట్టండి. మధ్యాహ్నం ఆకులు వాలి, సాయంత్రానికి తేరుకుంటుంటే సరైన దశలో ఉన్నట్టు. ఉదయం కూడా వాలి ఉంటే దాటిపోయింది, వెంటనే నీళ్లు పోయాలి. మొదటి రోజు సగం, రెండో రోజు పూర్తిగా తడపండి, మూడో రోజు ఎరువు వేయండి. మూడు నాలుగు వారాల్లో మొగ్గ కనిపిస్తుంది, ఆ కాయలు జూన్, జూలైకల్లా కోతకు వస్తాయి. చిగుళ్లు పసుపుగా ఉన్న మొక్కకు ఇది చేయవద్దు. పచ్చదనం లేని ఆకు కాయను పోషించలేదు, ముందు అది కోలుకోవాలి. మార్చి తర్వాత ఎండల్లోనూ వద్దు.

పూత బోలెడు వచ్చింది, పిందెలు బఠాణీ గింజంత అయ్యాక రాలిపోతున్నాయి.

నిమ్మ తన పూతలో చాలా భాగం తనే రాల్చుకుంటుంది. వంద పూలకు నాలుగైదు కాయలు నిలిచినా అది మంచి కాపే. అంతకన్నా ఎక్కువ రాలితే ముందు నీటి క్రమం చూడండి. ఒక రోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తడం పిందెకు శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో కుండీ పక్కభాగం వేడెక్కకుండా గోనె చుట్టండి, ఉదయం, సాయంత్రం కొంచెం కొంచెంగా తడపండి. పిందె బఠాణీ గింజంత ఉన్నప్పుడు 13-0-45 ఎరువు లీటరుకు 10 గ్రాములు కలిపి, పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే రాలడం తగ్గి కాయ ఊరుతుంది. పూత విప్పి ఉన్న రోజుల్లో ఏ పిచికారీ వద్దు, తేనెటీగలు దూరమవుతాయి.

## కోలుకోవడం, కోలుకోకపోవడం

మందు వేసి నెలైంది. పాత పసుపు ఆకులు అలాగే ఉన్నాయి. తీసేయాలా?

తీసేయకండి. పాలిపోయిన ఆకు కూడా కొంత ఆహారం తయారుచేస్తుంది. మందు పనిచేసిందా లేదా అన్నది కొత్త చిగురును చూసి తేల్చాలి. నత్రజని అందితే రెండు వారాల్లో మొక్కంతా రంగు తిరుగుతుంది. ఇనుము అందితే తర్వాతి చిగురు పచ్చగా వస్తుంది. తెల్లగా పాలిపోయి అంచులు మాడిన ఆకులు మాత్రం తిరిగి పచ్చబడవు, వాటంతట అవే రాలనివ్వండి.

ఇనుము, జింకు, నత్రజని అన్నీ ఇచ్చాం. ఒక కొమ్మ మాత్రం పసుపుగానే ఉంది.

పోషక లోపం ఆకు మీద నడి ఈనెకు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. ఆ కొమ్మ ఆకును వెలుతురుకు ఎత్తి చూడండి. ఎడమవైపు పసుపు మచ్చ ఉన్న చోటే కుడివైపు పచ్చగా ఉంటే, కాయలు వంకరగా, చిన్నగా ఉండి అడుగున పచ్చదనం పోకుండా ఉంటే, అది సిట్రస్ గ్రీనింగ్ తెగులు కావచ్చు. సిల్లా అనే చిన్న పురుగు చిగుళ్ల రసం పీలుస్తూ దీన్ని అంటిస్తుంది. దీనికి నయం చేసే మందు లేదు. అనుమానం ఉంటే ఆ కొమ్మ ఆకులను దగ్గరలోని ఉద్యాన అధికారికో, తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానానికో చూపించండి. తెగులని తేలితే మొక్కను వేరుతో సహా తీసేయాలి. ఆ మొక్క నుంచి అంటు కట్టి ఎవరికీ ఇవ్వకండి. పక్కన కరివేపాకు ఉంటే దాని చిగుళ్లు కూడా చూడండి, ఆ పురుగు దాని మీదా బతుకుతుంది.